పైవాళ్ళకు ఒక పేజీ

ఆ కోల్డ్ స్టోరేజీలో రిపోర్టులు రాసే మనిషి ఒక్కతే. అందుకని అందరూ ఆమెను రిపోర్టమ్మ అనేవారు. హోదాకు సేఫ్టీ ఇంజనీరు. చేసేది మాత్రం ఒకే సంగతిని రెండుసార్లు రాయడం. ఒకసారి ప్లాంటువాళ్ళకు, ఇంకోసారి పైవాళ్ళకు.

ప్లాంటువాళ్ళ రిపోర్టుకు పేజీల హద్దు లేదు. కొలతలు, పట్టికలు, ఫోటోలు, ఏ పరికరంతో కొలిచారు, ఆ పరికరాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు, అన్నీ ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా మెకానిక్కులు పెదవి విరుస్తారు. పైవాళ్ళకు ఒకటే పేజీ. ఏమైంది, ఎంత ప్రమాదం, ఏం చేయాలి, ఎప్పటిలోగా, అంతే. వాళ్ళు కాగితం తిప్పి చదవరు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. బోల్టు బిగించేవాడికీ ప్లాంటు ఆపాలా వద్దా అని తేల్చేవాడికీ ఒకే వివరం అక్కర్లేదు. రిపోర్టమ్మకు ఆ విద్య బాగా పట్టుబడింది. కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ గర్వాన్ని పెంచి పోషించింది ఆమె మేనేజరు. ఎవరేం చెప్పబోయినా "ఒక్క ముక్కలో చెప్పు" అంటాడు కాబట్టి ఆయన్ని వెనకాల ఒక్కముక్కగారు అంటారు. చెడ్డవాడు కాదు. పైవాళ్ళ ముందు నిలబడి తిట్లు తినేది ఆయనే. పేజీలో చోటు చాలకపోతే అక్షరాలు చిన్నవి చేసి ఇరికించే అలవాటు కొందరికి ఉంటుంది. ఆయన కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని అక్షరాల సైజు చూసి మరీ పట్టుకుంటాడు. "రాయడమంటే కూరడం కాదమ్మా, తీసేయడం" అంటాడు. ఆమె తీసేయడం నేర్చుకుంది. సీజను మొదట్లో పైపు సంగతి వచ్చినప్పుడు తీయకూడనిది తీసేసింది.

చల్లగదుల్లో గాలిని చల్లబరిచే కాయిల్స్ మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి కంప్రెసర్ నుంచి వేడి అమ్మోనియాను ఒక పైపులో పంపుతారు. ఆ పైపు ప్యాకింగ్ హాలు కప్పు కిందుగా పోతుంది. కాసేపు వేడెక్కడం, కాసేపు చల్లారడం, చెమట పట్టడం, ఆ తడి ఇన్సులేషన్ తొడుగు లోపలే ఉండిపోవడం, ఇలా ఏళ్ళ తరబడి సాగితే ఇనుము ఊరుకోదు. తొడుగు విప్పి కొలిస్తే ఒక వంపు దగ్గర పైపు బాగా పల్చబడి, ఉండాల్సిన కనీస మందానికి అంచున కనిపించింది. మార్చాలంటే ప్లాంటు ఆపాలి. సీజను మధ్యలో ఆపితే లోపలున్న పండ్లన్నీ పోతాయి.

ఆమె లెక్కలు వేసింది. సీజను అయ్యేదాకా నడపవచ్చు, కానీ మూడు షరతుల మీద. మధ్యాహ్నం ఎండ వేళ ప్రెషర్ ఒక హద్దు దాటకూడదు, అంటే లోపలికి తీసుకునే సరుకు తగ్గించుకోవాలి. మంచు కరిగిస్తున్నంతసేపూ ఆ పైపు కింద మనుషులు ఉండకూడదు. వారం వారం మందం కొలుస్తూ ఉండాలి.

సరుకు తగ్గించమని గానీ, ప్యాకింగ్ ఆపమని గానీ చెప్పే అధికారం ప్లాంటువాళ్ళకు లేదు. అందుకని వాళ్ళ రిపోర్టులో, పంతొమ్మిదో పేజీలో, "పైపు మార్పిడి వాయిదాకు యాజమాన్యం ఒప్పుకున్న పక్షంలో, వారి రాతపూర్వక ఆదేశం అందిన తరువాత ఈ హద్దులు పాటించాలి" అని రాసి షరతులు పెట్టింది. పైవాళ్ళ పేజీలోనూ మొదట మూడూ రాసింది. పేజీ దాటి నాలుగు లైన్లు కిందికి జారింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, షరతులన్నీ పని జరిగే చోటువాళ్ళకు సంబంధించినవే కదా అని తీసేసి, మూడు చిన్న వాక్యాలు మిగిల్చింది. "పైపును సీజను చివరిదాకా వాడవచ్చు, తరువాత మార్చాలి. ప్రమాదం మధ్యస్థం, అదుపులో ఉంది. పాటించవలసిన హద్దులు సాంకేతిక బృందానికి ఇవ్వడమైనది."

ఒక్కముక్కగారు చదివి "ఇదీ రాయడమంటే" అన్నాడు. ఆ రోజంతా ఆమెకు నేల మీద కాలు నిలవలేదు.

డైరెక్టరు ఆ పేజీ మీద "సరే" అని రాసి సంతకం పెట్టాడు. ఆదేశం ఇవ్వాలని ఆయనకెలా తెలుస్తుంది, ఆ పేజీలో అడగనే లేదు. హద్దులు ఇచ్చేశారనీ, కింద పాటిస్తున్నారనీ పైన అనుకున్నారు. పైనుంచి ఆదేశం వస్తుందని కింద ఎదురు చూశారు. రెండు కాగితాల్లోనూ అబద్ధం లేదు. రెండూ చదివిన మనిషి ఒక్కతే ఉంది, ఆమె వాటిని ఫైల్లో పెట్టి వేరే పనిలో పడింది.

పైపుకు ఒక మధ్యాహ్నం చిల్లు పడింది. మంచు కరిగిస్తున్నారు, కంప్రెసర్లన్నీ నడుస్తున్నాయి, కింద ప్యాకింగ్ బల్లల దగ్గర ఆడవాళ్ళున్నారు. వాసన తగలగానే అందరూ పరుగెత్తారు. పెట్టెలు కట్టడంలో అందరికంటే వేగంగా ఉంటుందని మెరుపు అని పిలుచుకునే అమ్మాయి సరిగ్గా ఆ వంపు కిందే ఉంది. ఆ ఘాటు ముఖాన కొట్టి, కళ్ళు మూసుకుపోయి, గోడ పట్టుకుని దారి వెతుక్కుంది. కంట్రోల్ రూములో ఉన్న ఆపరేటరు మాస్కు తగిలించుకుని వచ్చి ఆమెను బయటికి లాగి, వాల్వు మూశాడు. మెరుపు ఆసుపత్రి పాలైంది. ఎడమ కన్ను మసకగా ఉందనీ, కొన్నాళ్ళు ఆగి చూడాలనీ డాక్టర్లు అన్నారు.

ఆ ఆపరేటర్ని ప్లాంటులో అందరూ బాబాయ్ అంటారు. రిపోర్టమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ పైపు ఎటు పోతుందో వేలు పెట్టి చూపించింది ఆయనే. ఆమెను మొదటి రోజు నుంచీ "అమ్మాయ్" అనే పిలిచేవాడు. ఆ పిలుపులో చనువు ఉండేది, తప్పు చేస్తే చీవాట్లు పెట్టే హక్కు కూడా ఉండేది. ఇప్పుడు ఆయన్నే సస్పెండ్ చేశారు. ఆ మధ్యాహ్నం ప్రెషర్ హద్దు దాటి ఉన్నట్టు రికార్డులో ఉంది, ఆ షిఫ్టు ఆయనది. పొరపాటు ఆయనదని తేలితే ఉద్యోగంతో పాటు లైసెన్సు పోతుంది. లైసెన్సు లేని ఆపరేటర్ని ఏ ప్లాంటూ గేటు లోపలికి రానివ్వదు.

ప్రమాదం మీద రిపోర్టు రాయమని పని మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది. మళ్ళీ రెండు.

"ప్లాంటువాళ్ళ దాంట్లో నీ ఇష్టం అమ్మా, ఎన్ని పేజీలైనా రాసుకో" అన్నాడు ఒక్కముక్కగారు. "పైవాళ్ళకి మాత్రం కారణం ఒక్క ముక్కలో ఉండాలి. హద్దు దాటిన ప్రెషర్‌లో నడిపారు. అది అబద్ధమా?"

"కాదండి."

"మరింకేం."

ఆయన గొంతులో తొందర ఉంది. సీజను మొదట్లో పైకి వెళ్ళిన ఆ పేజీ కింద ఆయన సంతకమూ ఉంది మరి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

ఆమె ఆ రోజే పైవాళ్ళ పేజీ రాసేసింది. చకచకా వచ్చింది. "కారణం: నిర్ణీత హద్దుకు మించిన ప్రెషర్ వద్ద నడపడం. బాధ్యత: షిఫ్టు ఆపరేటరు. చర్య: క్రమశిక్షణ, పునఃశిక్షణ, పైపు మార్పిడి." ఒక్క పదం ఎక్కువ లేదు. ప్రింటు తీసింది గానీ ఒక్కముక్కగారికి ఇవ్వకుండా సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో అత్తగారు టీ కలుపుకుంటోంది. కప్పులో నిండు చెంచా చక్కెర వేసింది.

"అత్తయ్యా, చక్కెర వద్దన్నారు కదా డాక్టరు గారు."

"వద్దనలేదే. తగ్గించమన్నారన్నాడు మీ ఆయన. రెండు చెంచాలు వేసేదాన్ని, ఒకటి చేశాగా" అంది ఆవిడ, ఇంతకంటే ఏం చేయమంటావన్నట్టు.

భర్త పక్కగదిలోంచి గొంతు తగ్గించి "అంతా చెబితే అమ్మ బెంగపెట్టుకుంటుంది, అందుకే కొంచెంగా చెప్పా" అన్నాడు. "నువ్వూ అంతేగా, పెద్దవాళ్ళకి ఒక పేజీ." తను వేసిన జోకుకు తనే నవ్వాడు. మామూలుగా అయితే ఆమె కూడా నవ్వేది. కప్పు తీసుకుని సింకులో పారబోసి, అత్తగారి పక్కన కూర్చుని, డాక్టరు చెప్పినవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. ఆవిడ విని "ఇంత ఉందా" అంది. తరువాత కొడుకున్న గది వైపు చూసి "నాకు చెప్పాల్సింది" అంది.

మర్నాడు వాంగ్మూలం తీసుకోవడానికి బాబాయ్ ఇంటికి వెళ్ళింది. ఆయన ముందుగదిలో టేబుల్ ఫ్యాను విప్పి, మరలన్నీ కాగితం మీద వరసగా పరిచి కూర్చున్నాడు. లోపల్నుంచి ఆయన భార్య వచ్చి కుర్చీ వేసింది.

"రామ్మా. ప్లాంటులో వద్దని ఇంట్లో కూర్చోబెట్టేసరికి మీ బాబాయ్ నన్ను ఆపరేట్ చేస్తున్నారు. పొయ్యి మంట తగ్గించు, కుక్కర్ విజిల్ సరిచూడు అని ఒకటే గోల. తొందరగా తీసుకెళ్ళి పుణ్యం కట్టుకోండి."

నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం రిపోర్టమ్మ ముఖం మీదే ఉన్నాయి, ఏదైనా కబురు తెచ్చిందేమోనని. కబురేమీ లేదని గ్రహించి లోపలికి వెళ్ళిపోయింది.

బాబాయ్ చేతులు తుడుచుకున్నాడు. "అడుగమ్మాయ్, ఏం రాసుకోవాలో."

"పంతొమ్మిదో పేజీ చదివారా బాబాయ్?"

"చదవకేం. రెండుసార్లు చదివా. ఆదేశం వచ్చాక పాటించాలని రాశావుగా. వస్తుందని చూశా. ఈలోగా లారీల మీద లారీలు వస్తూనే ఉన్నాయి. సరుకు వద్దనడానికి నేనెవర్ని? అన్ని కంప్రెసర్లూ వేయకపోతే లోపలి సరుకు చెడిపోద్ది." విప్పిన మర ఒకటి తీసి వరసలో సర్దాడు. "నాదీ తప్పుంది. నోటిమాటగానైనా అడగాల్సింది. ఇవాళ కాదు రేపు అనుకుంటా గడిపేశా. ఆ పిల్ల కంటికేమైనా అయితే ఆ అడగని మాట నన్ను వదలదు."

ఆమె రాసుకుంటోంది.

"ఒక్కటి చెప్పమ్మాయ్" అన్నాడు ఆయన. "పైవాళ్ళకి రాసిన కాగితం మేమెప్పుడూ చూడం కదా. అందులో ఈ మూడూ పైనే పెట్టి ఉంటావు కదూ? వాళ్ళకి తెలిసీ ఆదేశం ఇవ్వలేదంటే నా మనసు కొంచెం తేలికపడుద్ది."

లేదని చెప్పడానికే నోరు తెరిచింది. ఆయన ముఖంలో ఆ ఆశ చూసింది. తన మీద ఉన్న నమ్మకం కూడా చూసింది.

"ఊ" అంది.

"అదీ. నువ్వు వదిలిపెట్టవని నాకు తెలుసు" అని ఆయన భార్యను పిలిచి, అమ్మాయికి టీ ఇమ్మన్నాడు.

ఆ టీ ఎలా తాగిందో, మెట్లెలా దిగిందో ఆమెకు తెలియదు. వీధిలోకి వచ్చాక సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. పేజీలో తీసేసినప్పుడు కనీసం చోటు చాలలేదని సర్దిచెప్పుకోవచ్చు. ఇక్కడ ఏ చోటు చాలలేదు? ఒక్క అక్షరం. దానితో ఆయన్ని మోసం చేసింది, అదీ ఆయన ఇంట్లో, ఆయన కుర్చీలో కూర్చుని. వెనక్కి వెళ్ళి చెబుదామని మలుపు దాకా నడిచింది. నడిచి, మళ్ళీ బస్ స్టాప్ వైపు తిరిగింది. ఆ పిరికితనానికి తనను తాను ఎంత తిట్టుకున్నా కాళ్ళు మాత్రం అటే పోయాయి.

ఆఫీసులో బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుంది. సీజను మొదట్లో పైవాళ్ళకు పంపిన పేజీ ఒకటి, నిన్న రాసిన పేజీ ఒకటి. రెండూ ఒక చేతి పనే అని చెప్పకుండానే తెలుస్తోంది. రెండింట్లోనూ బాధ్యత కింద ఉన్నవాళ్ళ దగ్గరే ఆగిపోయింది. నిన్నటిది చింపి మళ్ళీ మొదలుపెట్టింది.

ప్లాంటువాళ్ళ రిపోర్టుకు బాగానే టైం పట్టింది. వంపు లోపల తుప్పు ఎలా పాకిందో ఫోటోలు, ఆ మధ్యాహ్నం ప్రెషర్ పెరిగిన తీరు చూపే గ్రాఫు, వాల్వు మూయడానికి పట్టిన సమయం, ఇలాంటి పైపులు ఇంకెక్కడెక్కడ తొడుగు విప్పి చూడాలో పట్టిక. ఇవేవీ పైవాళ్ళకు అక్కర్లేదు. వాళ్ళకు కావలసింది ఏం నిర్ణయించాలో. వివరాలు తగ్గించవచ్చు, వరస మార్చవచ్చు, మాటలు తేలిక చేయవచ్చు. కారణం మాత్రం రెండింట్లోనూ ఒకటే ఉండాలి. అందుకని రెండింట్లోనూ మొదటి పేరా అక్షరం పొల్లుపోకుండా ఒకటే పెట్టింది.

"పైపును మూడు షరతుల మీదే నడపవలసి ఉంది. ఆ షరతులూ, వాటికి యాజమాన్యం ఆదేశం అవసరమన్న సంగతీ యాజమాన్యానికి పంపిన పేజీలో లేవు. అందువల్ల ఆదేశం రాలేదు. ఆదేశం రానందున ప్లాంటులో హద్దులు అమలు కాలేదు. ఆ పేజీ రాసింది నేను."

పైవాళ్ళ పేజీలో దాని కింద అడగవలసినవి రాసింది. ఆపరేటర్ని తిరిగి పనిలోకి తీసుకోవాలి. పైపు మార్చేదాకా ఆ లైను వాడకూడదు, మంచును నీళ్ళతో కరిగించుకోవాలి. ఇకమీదట నిర్ణయం కోరే షరతు ఏదైనా పైవాళ్ళ పేజీలో మొదటే ఉండాలి, ఆ పేజీ నకలు కంట్రోల్ రూముకు వెళ్ళాలి.

ఒక్కముక్కగారు చదివి కళ్ళజోడు తీశాడు.

"ఇది పైవాళ్ళకి అక్కర్లేని వివరం."

"ఒక్క ముక్కలో చెప్పమన్నారు కదండి. ఇదే ఆ ముక్క."

"నీ మెడకు నువ్వే ఉరి వేసుకుంటున్నావు. పైగా నన్నూ లాగుతున్నావు."

"మీ పేరు ఎక్కడా రాయలేదండి."

"సంతకం ఉందిగా" అన్నాడాయన. తరువాత అలవాటు కొద్దీ కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "అక్షరాలు చిన్నవి చేశావా?"

"లేదండి. మామూలు సైజే. సరిపోయింది."

"అప్పుడూ సరిపోయేదన్నమాట" అన్నాడు మెల్లగా, సంతకం పెడుతూ.

పైన డైరెక్టరు గదిలో ఏసీ చల్లగా ఉంది. ఆయన పేజీ చదివాడు. పాత పేజీ తెప్పించి, దాని మీద తను రాసిన "సరే"ను కూడా చదివాడు.

"అంటే నేను దేనికి సరే అన్నాను?"

"ఊరికే నడపడానికండి" అంది ఆమె. "షరతుల మీద నడపడానికి కాదు. మీకు నేను రాసింది అంతే."

"షరతులు రాసి ఉంటే సరుకు తగ్గించేవాణ్ణంటావా?"

"తెలీదండి. ఆలోచించే అవకాశం మీకు నేనివ్వలేదు."

ఆయన కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. ఆయన కాగితాన్ని బల్ల మీద నిదానంగా సర్ది, బాబాయ్‌ని పనిలోకి తీసుకోమని అక్కడే రాశాడు. ఆమెకు మెమో ఇచ్చారు. ఇక నుంచి ఆమె రాసిన ప్రతి పేజీని ప్లాంటు ఫోర్‌మన్ చదివి ఒప్పుకున్నాకే పైకి వెళ్ళాలన్నారు. న్యాయమే అనిపించింది. ఒక్కముక్కగారికీ మెమో అందింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆ తరువాత ఆమెతో పని సంగతులే మాట్లాడాడు.

మెరుపు తిరిగొచ్చింది. ఎడమ కన్ను ఇంకా తేటపడలేదు. పెట్టెలు కట్టే బల్ల నుంచి మార్చి లేబుళ్ళు అంటించే చోట కూర్చోబెట్టారు. ప్రతి లేబులునూ కుడికంటి దగ్గరికి తెచ్చుకుని చూసి అంటిస్తోంది. రిపోర్టమ్మ హాలులోంచి పోయినప్పుడల్లా అక్కడ ఆగుతుంది. ఏం మాట్లాడాలో తెలియక, బాగున్నావా అంటుంది. ఆ అమ్మాయి బాగానే ఉన్నానంటుంది. అంతకుమించి ఏ రోజూ మాట సాగలేదు.

బాబాయ్ పనిలో చేరిన రోజు ఆమె కంట్రోల్ రూముకు వెళ్ళింది. కొత్త పద్ధతి ప్రకారం పైవాళ్ళ పేజీ నకలు గోడకు అంటించి ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని దాని ముందు నిలబడి చదువుతున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగింది. లోపల్నుంచి కంప్రెసర్ల హోరు వస్తోంది. చివరిదాకా చదివి, ఆయన మళ్ళీ మొదటి పేరాకు వచ్చాడు. అప్పుడు ఆమెను చూశాడు.

"రండి మేడమ్" అన్నాడు. "కూర్చోండి."

స్టూలు తుడిచి జరిపాడు. ఆమెకు అది తననే అన్నాడని కాసేపటిదాకా తోచలేదు.

"బాబాయ్, ఆ రోజు మీ ఇంట్లో..."

"చదివాను మేడమ్. బాగా రాశారు. నా ఉద్యోగం నిలబెట్టారు, మా ఆవిడ మిమ్మల్ని భోజనానికి పిలవమంది." ఆయన గొంతులో కోపం లేదు. ఏదో యంత్రం సంగతి చెబుతున్నట్టు నిదానంగా ఉంది. "అన్నీ ఉన్నాయిందులో. ఆ రోజు నేనడిగితే మీరు ఊ అన్నది ఒక్కటే లేదు."

ఆమె ఏదో అనబోయింది. ఆయన అప్పటికే ప్రెషర్ మీటరు వైపు తిరిగి, అంకె చూసి రాసుకుంటున్నాడు.